మూడు రోజులకు వచ్చేది ఒకటి, మీకు కావలసింది ఇంకొకటి: పలాస జీడి వ్యాపారులకు బహిరంగ లేఖ

కాశీబుగ్గ,
20 డిసెంబరు 2025

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులకు, బట్టీల యజమానులకు, ఉద్దానం ఊళ్లలో పిక్కలు కొనే షావుకార్లకు,

నమస్కారం. మీలో చాలామందికి నేను తెలుసు. కొందరికి లెక్కలు రాస్తాను, కొందరికి జీఎస్టీ రిటర్నులు వేస్తాను, మిగతావాళ్లు జిరాక్సుల కోసం నా కొట్టుకి వస్తారు. ఈ ఏడాది సీజను అయిపోయిన దగ్గరనుంచి నా దగ్గరకు వచ్చే బేరం ఒకటి మారింది. ఇదివరకు "కాగితం పోయింది, నకలు తియ్యి" అని వచ్చేవారు. ఇప్పుడు "వాట్సాప్‌లో మాటలు పోయాయి, కంపెనీ వాళ్లనడిగి తెప్పించు" అంటున్నారు. సెప్టెంబరు నుంచి ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఏడుగురికీ ఒకే మాట విడివిడిగా చెప్పాను. మళ్లీ మార్చిలో పిక్కలు దిగకముందే అందరికీ ఒకేసారి చెప్పేస్తే నా నోటికీ మీ పనికీ మంచిదని ఈ లేఖ రాస్తున్నాను.

మొదటొచ్చినాయన సంగతి చెబితే మిగతాది సగం అర్థమవుతుంది. పేరు వద్దు, బావ అని పిలుస్తాను. మీరు ఎలాగూ పోల్చుకుంటారు, ఆయనా ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

బావ ఏప్రిల్‌లో మందస వైపు ఒక రైతు దగ్గర 60 బస్తాల పిక్కలు కొన్నాడు. బస్తా అంటే మన లెక్కే, 80 కిలోలు. సొమ్ము రెండు విడతల్లో ఇచ్చాడు. ఆగస్టు ఆఖరులో రైతు ఫోన్ చేసి, బస్తాకు ఇంకా 250 రూపాయలు రావాలన్నాడు. అంటే 15,000. బావ లేదన్నాడు. ఒప్పందం రాసుకున్న కాగితం ఏమీ లేదు, అంతా ఫోన్లో నడిచిన మాటే. పెద్దమనుషుల్లో పెడదామనుకున్నారు. అప్పుడు బావ కొడుకు, "నాన్నా, వాట్సాప్‌ని మన డేటా అడగొచ్చు, మూడు రోజుల్లో పంపిస్తారు" అని సెప్టెంబరు 3న బావ ఫోన్లోంచే రిక్వెస్టు పెట్టాడు.

రిక్వెస్టు పెట్టింది 3వ తేదీన. 5వ తేదీన బావ కొత్త ఫోను కొన్నాడు. కొత్త ఫోనులో కొత్త సిమ్ము వేసి, కొట్టులో కుర్రాడి చేత కొత్త జీమెయిల్ పెట్టించి, వాట్సాప్ కొత్తగా తెరిపించాడు. పాత ఫోనుని మొత్తం తుడిపించి కూతురికిచ్చాడు. 6 పోయింది, 7 పోయింది, 8 పోయింది. 9వ తేదీన నా కొట్టుకొచ్చి, "మూడ్రోజులన్నారు, ఆరయింది, కంపెనీవోళ్లు ఏటీ పంపలేదు. కేసెయ్యాల" అన్నాడు.

కేసు ఎవరి మీద వెయ్యాలో కాసేపట్లోనే తేలింది. రిక్వెస్టు అనేది మనిషికి కాదు, ఆ నంబరు మీదున్న ఖాతాకి అంటుకుని ఉంటుంది. బావ అడిగింది పాత నంబరు మీద. చూసుకుంటున్నది కొత్త నంబరు మీద. రిపోర్టు తయారైందని ఒక నోటిఫికేషన్ వస్తే, అది వచ్చేది పాత నంబరున్న ఖాతాకి. ఆ ఖాతా తెరిచిన ఫోనే లేదు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. వాట్సాప్ లోపలే నంబరు మార్చుకునే సదుపాయం వాడి మార్చినా, ఖాతా డిలీట్ చేసినా, అప్పటికి పెండింగులో ఉన్న రిక్వెస్టు రద్దయిపోతుంది, మళ్లీ మొదట్నుంచి అడగాలి. అందుకని రిక్వెస్టు పెట్టిన రోజు నుంచి రిపోర్టు చేతికొచ్చేదాకా సిమ్ము, ఫోను, నంబరు ఏదీ కదపకండి. మూడు రోజులే కదా, పండగ ఆఫర్లు అంతలో పోవు.

పాత సిమ్ము బావ బీరువాలో ఉంది, అదొక అదృష్టం. దాన్ని వేసి, పాత నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేసి, అదే రోజు, అంటే 9న, రిక్వెస్టు కొత్తగా పెట్టాం. ఇది ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు. వాట్సాప్ సెట్టింగుల్లో `Account` లోకి వెళ్తే `Request account info` అని ఉంటుంది. అందులో ఖాతా సమాచారానికి రిపోర్టు అడగడమే. సుమారు మూడు రోజులు పడుతుందని అక్కడే రాసి ఉంటుంది. ఒకసారి అడిగాక మనం రద్దు చేసుకోలేం. తయారయ్యాక అదే చోట డౌన్‌లోడ్ చేసుకోవాలి, దానికీ కొన్ని వారాల గడువే ఉంటుంది, ఏ తేదీ దాకానో తెర మీదే కనిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసింది ఒక జిప్ ఫైలు. వాట్సాప్ లోపల అది తెరుచుకోదు, మెయిలుకో కంప్యూటర్‌కో పంపుకుని విప్పాలి.

12వ తేదీన రిపోర్టు వచ్చింది. బావ, కొడుకు, నేను ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. విప్పాను. బావ ఖాతా వివరాలున్నాయి. ఫోనులో సేవ్ చేసుకున్న వాళ్ల నంబర్లు వరసగా ఉన్నాయి. ఏయే గ్రూపుల్లో ఉన్నాడో ఆ పేర్లున్నాయి, ఆయన బ్లాక్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. బావ కిందకీ పైకీ చూసి, "ఏటిరా ఇది, మాటలేవీ నేవు" అన్నాడు.

లేవు. ఉండవు కూడా. ఏడుగురికీ చెప్పింది ఇదే. వాట్సాప్ ఇచ్చే ఖాతా రిపోర్టులో మెసేజులు రావు. కంపెనీ దాచిపెట్టుకుని ఇవ్వడం లేదనుకోకండి. ఆ మాటలు ఇద్దరి ఫోన్ల మధ్య తాళం వేసి వెళ్తాయి, తాళంచెవి ఆ రెండు ఫోన్లలోనే ఉంటుంది. అవతలివాడికి అందగానే కంపెనీ సర్వర్ మీంచి ఆ మెసేజ్ తీసేస్తారు. అందకపోతే, అంటే అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే, 30 రోజుల దాకా తాళంతోనే సర్వర్ మీద ఉంటుంది, తర్వాత పోతుంది. కనుక ఏప్రిల్‌లో అందిన మెసేజ్‌ని సెప్టెంబరులో అడిగితే వాళ్ల దగ్గర ఇవ్వడానికే లేదు. మీరు మూడు రోజులు కాదు, మూడేళ్లు ఆగినా ఆ జిప్పులో మాటలు రావు.

మరి మాటలెక్కడున్నాయి? రెండు చోట్ల. ఒకటి ఫోనులో, రెండోది బ్యాకప్‌లో. బావ ఫోను తుడిచేశారు కాబట్టి మిగిలింది బ్యాకప్. ఆండ్రాయిడ్ ఫోనైతే అది గూగుల్ ఖాతాలో ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రెండూ కలవాలి: బ్యాకప్ తీసినప్పటి నంబరు, బ్యాకప్ దాచిన గూగుల్ ఖాతా. కొట్టులో కుర్రాడు కొత్త జీమెయిల్ పెట్టడంతో రెండోదీ తెగిపోయింది. పాత జీమెయిల్ పాస్‌వర్డు బావకి గుర్తు లేదు. పాత సిమ్ముకి ఓటీపీ తెప్పించుకుని దాన్ని తెరిచేసరికి సాయంత్రమైంది. పాత ఫోను తుడవక ముందు బ్యాకప్ వారానికోసారి తీసేలా పెట్టి ఉంది, ఆఖరిది ఆగస్టు 31 నాటిది. ఏప్రిల్ మాటలు అందులో ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. బ్యాకప్‌కి కూడా తాళం వేసుకునే వీలుంది. పాస్‌వర్డు గాని, 64 అంకెల కీ గాని పెట్టుకుంటే, అది మర్చిపోయాక ఎవరూ తెరవలేరు, వాట్సాప్ వాళ్లూ గూగుల్ వాళ్లూ కూడా. పెట్టుకోవడం మంచిదే, నేనూ పెట్టుకున్నాను. కాకపోతే ఆ అంకెలు రాసిన కాగితం జీతాల రిజిస్టరు దగ్గర పెట్టుకోండి, అదే ఫోనులో ఫొటో తీసి దాచుకోకండి.

సరే, మాటలు తిరిగొచ్చాయి. ఇప్పుడు వాటి నకలు కావాలి. స్క్రీన్‌షాట్లు తీస్తానని కొడుకు మొదలెట్టాడు, పదిహేను తీశాక నేనే ఆపాను. ఆ రైతుతో జరిగిన చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, `More`, అందులో `Export chat` నొక్కితే చాట్ మొత్తం ఒక ఫైలుగా బయటకొస్తుంది. దీనికి గడువేమీ లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, నిమిషం పని. బావ మూడు రోజులనుకుని తొమ్మిది రోజులు తిరిగింది ఈ నిమిషం పని కోసం.

మీడియాతోనా, మీడియా లేకుండానా అని అడుగుతుంది. బరువు తక్కువుంటుందని చాలామంది లేకుండా అంటారు. మేమూ అదే చేశాం. వచ్చిన ఫైలులో ఏప్రిల్ 11 దగ్గర ఇలా ఉంది:

```
11/04/25, 7:38 pm - పిక్కలు మందస: 60 బస్తాలు రెడీ బాబూ
11/04/25, 7:42 pm - పిక్కలు మందస: <Media omitted>
11/04/25, 7:45 pm - నేను: సరే
```

ధర మాట 7:42 దగ్గరుంది. అది వాయిస్ మెసేజ్. మనవాళ్లు ధరలు టైపు చెయ్యరు, గొంతుతో చెబుతారు. మళ్లీ మీడియాతో కలిపి తీస్తే ఆ వరస మారింది:

```
11/04/25, 7:42 pm - పిక్కలు మందస: PTT-20250411-WA0007.opus (file attached)
```

ఆ ఫైలు నొక్కితే రైతు గొంతు వినిపించింది. పిక్క బాగా ఆరబెట్టి ఇస్తే బస్తాకు 250 కలిపి ఇవ్వాలని, దానికి బావ "సరే" అన్నట్టు కింద ఉంది. దించుకున్న రోజు పిక్క ఆరిందనే బావ పుస్తకంలో కూడా రాసి ఉంది, రాసింది నేనే. బావ కాసేపు మాట్లాడలేదు. మర్నాడు 15,000 ఫోన్‌పే చేశాడు. పెద్దమనుషుల దాకా పోలేదు.

ఎక్స్‌పోర్టులో మిమ్మల్ని తిప్పలు పెట్టేవి మూడున్నాయి, అవి చెప్పి ముందుకెళ్తాను.

మొదటిది పేరు. ఫైలులో అవతలివాడి పేరు మీరు ఫోనులో ఎలా సేవ్ చేసుకుంటే అలాగే వస్తుంది. "పిక్కలు మందస" అంటే ఎవరు? రేపు రైతు, "అది నేను కాదు" అంటే ఆ ఫైలులో నంబరు లేదు. సేవ్ చెయ్యని వాళ్లకి మాత్రం నంబరే వస్తుంది. అందుకని ఎక్స్‌పోర్టు తీసే ముందు ఆ కాంటాక్టు పేరు పక్కనే పది అంకెలూ కలిపి సేవ్ చెయ్యండి, అప్పుడు ప్రతి వరసలో నంబరు పడుతుంది.

రెండోది పరిమితి. మీడియా లేకుండా అయితే ఇటీవలి 40,000 మెసేజులు, మీడియాతో అయితే 10,000 దాకానే వస్తాయి. ఒక్క రైతుతో ఇది ఎప్పుడూ అడ్డు రాదు. అయితే మన ధరల గ్రూపు ఉంది చూశారా, పొద్దున్నుంచి రాత్రిదాకా గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు, మధ్యలో రెండు ధరలు. అందులో 10,000 అంటే ఎన్నాళ్లకి వెనక్కి పోతుందో మీకే తెలుసు. కావలసిన నెల దాటకముందే తీసి పెట్టుకోవాలి.

మూడోది కొత్తది. ఈ ఏడాది ఏప్రిల్‌లో వాట్సాప్ ఒక అదనపు గోప్యత సెట్టింగు తెచ్చింది, చాట్‌లో `Advanced chat privacy` అని కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే ఆ చాట్‌ని ఎక్స్‌పోర్టు చెయ్యడం కుదరదు. ఎవరో ఆన్ చేసి మరిచిపోతారు, మీరు నా కొట్టుకొచ్చి "బటను పని చెయ్యడం లేదు" అంటారు. అలాగే మెసేజులు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు పెట్టుకున్న చాట్లలో 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మాటలు పోతాయి. ఏప్రిల్ బేరం మాటలు ఆగస్టుకి ఉండాలంటే 90 రోజులు చాలవు. బేరం నడిచే చాట్లలో అది ఆఫ్ చేసి ఉంచండి. మీ ఇంటి చాట్ల సంగతి మీ ఇష్టం.

ఇక టెలిగ్రాంలో బేరాలు నడిపేవాళ్లు, ముఖ్యంగా ఒడిశా, బయటి రాష్ట్రాల ఏజెంట్లతో మాట్లాడేవాళ్లు వినండి. అక్కడ మామూలు చాట్లు కంపెనీ సర్వర్ మీదే ఉంటాయి, అందుకని మెసేజులతో సహా మొత్తం తీసుకోవచ్చు. కాకపోతే ఫోనులో కాదు, కంప్యూటర్‌లో టెలిగ్రాం డెస్క్‌టాప్ వేసుకోవాలి. సెట్టింగుల్లో `Advanced`, అందులో `Export Telegram data`. ఏం కావాలో టిక్కులు పెట్టి మొదలెట్టగానే చాలామందికి ఒక అడ్డం వస్తుంది: భద్రత కోసం 24 గంటల తర్వాతే మొదలవుతుందని. అదే సమయంలో మీ ఇతర ఫోన్లకి ఒక నోటీసు వెళ్తుంది. మీ ఖాతాలోకి ఎవడో దూరి మీ మాటలన్నీ ఎత్తుకుపోకుండా అదొక కాపలా. మర్నాడు అదే కంప్యూటర్‌లో మళ్లీ మొదలెట్టాలి, నా కొట్టులో మొదలెట్టి ఇంట్లో పూర్తి చేద్దామంటే కుదరదు. ఫైళ్ల సైజుకి 8 ఎంబీ అని ముందే ఒక హద్దు పెట్టి ఉంటుంది, బిల్లుల స్కాన్లు, వీడియోలు పెద్దవైతే ఆ గీతని జరపండి, లేకపోతే అవి రావు. సీక్రెట్ చాట్లు ఇందులో రావు, అవి ఫోను దాటవు.

మీ పిల్లలు వాడే డిస్కార్డ్ లాంటివి ఇంకో రకం. అక్కడ డేటా అడిగితే 30 రోజుల దాకా పట్టొచ్చని వాళ్లే చెబుతారు, తయారయ్యాక లింకు మెయిలుకి వస్తుంది. కనుక ఖాతాకి పెట్టిన మెయిలు మనం తెరవగలిగేదై ఉండాలి. అందులో మెసేజులు వస్తాయి, కాని మీరు పంపినవే. అవతలివాడు మీకు రాసినవి ఉండవు. చాట్ సగమే వచ్చిందని కంగారు పడకండి, అది వాళ్ల లెక్కలో మీ డేటా కాదు, అవతలివాడిది.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది అడిగిందీ బావ కొడుకే. విజయనగరంలో ఇంజినీరింగు చదువుతున్నాడు, "చట్టం వచ్చింది కదా అన్నా, నెల రోజుల్లో కాపీ ఇవ్వాలి కదా" అన్నాడు. నెల రోజుల గడువు యూరప్‌ చట్టంలోది. అక్కడున్నవాళ్లు అడిగితే కంపెనీ నెలలోగా జవాబివ్వాలి, పని పెద్దదైతే ఆ సంగతి ముందే చెప్పి ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు. ఆ చట్టం డేటా కాపీనే ఇమ్మంటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే నమూనా లేఖలన్నీ అక్కడివే. వాటిని ఇక్కడినుంచి పంపితే మర్యాదగా ఒక జవాబొస్తుంది, అంతకు మించి రాదు.

మన దగ్గర డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో అయింది. దాని 11వ సెక్షను మనకిచ్చేది జాగ్రత్తగా చదవాలి: మన వ్యక్తిగత డేటా ఏముంది, దాంతో ఏం చేస్తున్నారు అన్నదానికి సారాంశం, ఎవరెవరికి ఇచ్చారన్న వివరం. కాపీ అనే మాట అందులో లేదు. 2019 నాటి బిల్లులో డేటాని తీసుకుని ఇంకోచోటికి పట్టుకెళ్లే హక్కు ఉండేది, చివరికి అయిన చట్టంలో అది లేదు. ఆ సారాంశం హక్కు కూడా ఇంకా అమల్లోకి రాలేదు. నిబంధనలు పోయిన నెల, నవంబరు మధ్యలో వచ్చాయి, ఈ భాగానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. అంటే 2027 మే. అప్పటికి రెండు సీజన్లు గడిచిపోతాయి. అమల్లోకి వచ్చాక కూడా ఫిర్యాదుకి జవాబివ్వడానికి కంపెనీకి 90 రోజుల దాకా గడువుంది. "చట్టం ఉంది, ఇచ్చితీరాలి" అనుకుని ఫోను తుడుచుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి.

అయితే ఈలోగా అడగడానికి దారే లేదా అంటే ఉంది. 2021 ఐటీ నిబంధనల కింద ఇలాంటి ప్లాట్‌ఫారాలకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. పేరు, మెయిలు వాళ్ల సైట్లోనే పెట్టాలి. ఈ లేఖ రాసేనాటికి ఉన్న నిబంధన ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోగా కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు వేసుకోవచ్చు. 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేస్తారని నిబంధనలో ఉంది. ఇది నిజంగా పనికొచ్చేది ఒకే ఒక చోట: రిపోర్టు రావలసి ఉండి రానప్పుడు, లేదా ఖాతా ఎవరో కాజేసినప్పుడు. కంపెనీ దగ్గర లేని మెసేజుల కోసం ఈ దారి పట్టకండి.

రాసేటప్పుడు ఎలా రాయాలో ఆరోనాయన కోసం నేను రాసిచ్చిన పద్ధతి చెబుతాను. ఆయన ఖాతా వేరే ఒక ప్లాట్‌ఫారంలో, రిక్వెస్టు పెట్టి నెల దాటినా లింకు రాలేదు. "నా డేటా అంతా పంపండి" అని ఆయన అప్పటికే రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ సహాయ పేజీ లింకు ఒకటి పంపి వదిలేశారు. నేను ఇలా మార్చాను:

"ఫలానా నంబరు, ఫలానా మెయిలుతో ఉన్న ఖాతా నాది. ఫలానా తేదీన మీ యాప్ లోపల నుంచి డేటా కాపీ అడిగాను, ఆ తెర ఫొటో జత చేశాను. మీరు చెప్పిన గడువు ఫలానా తేదీతో అయిపోయింది. నాకు కావలసింది ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా నేను పంపిన మెసేజులు, ఆ రోజుల్లో నా ఖాతా తెరిచిన పరికరాల జాబితా. ఇందులో మీ దగ్గర లేనిది ఏదైనా ఉంటే అది లేదని రాసి చెప్పండి. ఈ మెయిలు అందినట్టు తెలియజేయండి."

ఖాతాకి జత చేసిన మెయిలు నుంచే పంపించాం, వేరే మెయిలు నుంచి పంపితే మీరెవరో తేల్చడానికే వారం పోతుంది. ఆధార్ ఫొటో జత చెయ్యలేదు, వాళ్లు అడగలేదు కూడా. అడగకుండా ఎవరికీ ఆధార్ పంపకండి. పదకొండో రోజున లింకు వచ్చింది. "లేదని రాసి చెప్పండి" అన్న వాక్యమే పని చేసిందని నా అనుమానం. ఉన్నదిమ్మంటే నాన్చొచ్చు, లేదని రాసిమ్మంటే ఎవరో ఒకరు కూర్చుని చూడాలి కదా.

కోర్టు దాకా పోయే తగువులైతే ఇంకో మాట. ఎక్స్‌పోర్టు తీసిన టెక్స్ట్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా దిద్దొచ్చు, అది లాయరుకీ తెలుసు. గత ఏడాది జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి ఒక సర్టిఫికెట్ జతచెయ్యాలి, అందులో ఫైలుకి వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా రాయాలి. అది లాయరు చూసుకుంటాడు. మీరు చెయ్యవలసింది అసలు ఫోనుని అమ్మకుండా, తుడవకుండా ఉంచడం.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. జనవరిలో ఎలాగూ సంఘం మీటింగు పెడతారు. అందులో ఈ నాలుగు మాటలు ఒప్పుకోండి. ధర గొంతుతో చెప్పినా, వెంటనే కింద అంకెల్లో ఒక వరస టైపు చెయ్యాలి: బస్తాలెన్ని, ధరెంత, ఆరిందా లేదా. పిక్కలు దిగిన వారంలోగా ఆ రైతు చాట్‌ని మీడియాతో ఎక్స్‌పోర్టు తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. ఫోను మార్చాలంటే ముందు బ్యాకప్ ఏ జీమెయిల్‌లో ఉందో, ఆఖరిసారి ఎప్పుడు తీసిందో చూసుకుని మార్చాలి. ధరల గ్రూపులో గుడ్ మార్నింగులు మానాలి. నాలుగోది కుదరదని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇంకొకటి, ఇది నా కొట్టు గురించే. ఆ ఖాతా రిపోర్టు జిప్పులో మీ ఫోన్లోని అందరి నంబర్లూ ఉంటాయి. చాట్ ఫైలులో రైతు మాటలూ ఉంటాయి, ఆయన ఇంటి సంగతులు కూడా ఒక్కోసారి ఉంటాయి. అది మీది ఒక్కరిదే కాదు. నలుగురైదుగురు నా కంప్యూటర్‌లో విప్పుకుని, అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఈ నెల మొదట్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూస్తే అలాంటి జిప్పులు తొమ్మిది ఉన్నాయి, ఎవరివో పేర్లు చూసి ఫోన్ చేసి చెప్పి అన్నీ చెరిపేశాను. ఇకమీదట పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. పని అయ్యాక రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, మీ జీమెయిల్ నా కంప్యూటర్‌లోంచి లాగౌట్ చేసి, అప్పుడు వెళ్లండి. నేను గుర్తు చేస్తే "ఏటి బాబూ, మన దగ్గర ఏటుంది దాచడానికి" అనకండి. మీ దగ్గర లేకపోవచ్చు, మందస రైతు దగ్గర ఉండొచ్చు.

బావ పాత సిమ్ము ఇప్పుడు పాత ఫోనులోనే ఉంది, కూతురి దగ్గరనుంచి వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల నామీద కోపంగా ఉంది.

మీ
లెక్కలు రాసే మనిషి,
కాశీబుగ్గ